ఆచారం చట్టానికి మూలం కాగలదా? మేనరికం మీద ఇద్దరు న్యాయ విద్యార్థుల సంభాషణ

సంక్షిప్తంగా: మేనమామ కూతురిని, మేనత్త కొడుకును పెళ్లాడటం హిందూ వివాహ చట్టం ప్రకారం నిషిద్ధం. అయితే వధూవరులిద్దరికీ వర్తించే ఆచారం దాన్ని అనుమతిస్తే ఆ పెళ్లి చెల్లుతుంది. తెలుగునాట లక్షల కుటుంబాలు సహజమనుకునే ఒక సంబంధం నిజానికి శాసనంలోని ఒక మినహాయింపు మీద ఆధారపడి ఉందన్న మాట. ఆ మినహాయింపు ఎలా పనిచేస్తుందో చూస్తే, ఆచారం స్వయంగా చట్టమా, లేక ప్రభుత్వం గుర్తించాకే చట్టమా అన్న పాత ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

### ప్రశ్న ఎక్కడ మొదలైంది

2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఈ విషయాన్ని మళ్లీ చర్చలోకి తెచ్చింది. దగ్గరి బంధువును పెళ్లాడిన ఒక మహిళ వివాహం చెల్లదని 2007లోనే కింది కోర్టు ప్రకటించింది. పెద్దలు కుదిర్చిన పెళ్లే అయినా, అటువంటి సంబంధాన్ని అనుమతించే ఆచారం తమలో ఉందని ఆమె నిరూపించలేకపోయింది. ఆ తరువాత ఆమె సపిండ వివాహాలను, అంటే తల్లి వైపు మూడు తరాలు, తండ్రి వైపు ఐదు తరాల లోపు ఒకే పూర్వీకుడున్నవారి పెళ్లిళ్లను, నిషేధించే సెక్షన్‌నే రాజ్యాంగ విరుద్ధమని సవాలు చేసింది. హైకోర్టు ఆ సవాలును కొట్టివేసింది.

తీర్పు వార్త చదివిన తెలుగు పాఠకులలో చాలామందికి సహజంగానే ఒక సందేహం వచ్చింది: మన ఇళ్లలో జరిగిన మేనరికాల సంగతేమిటి? న్యాయ విద్యార్థులు ఇద్దరు మాట్లాడుకుంటే ఈ సందేహం ఎటు వెళ్తుందో ఈ వ్యాసం అనుసరిస్తుంది. సంభాషణ కల్పితం, అందులోని చట్టాలూ తీర్పులూ వాస్తవం. విద్యార్థిని పక్షం శాసనానిది, విద్యార్థి పక్షం ఆచారానిది.

"అందరూ చాలాకాలంగా చేస్తున్నారన్నంత మాత్రాన అది చట్టమైపోతుందా?" అని విద్యార్థిని మొదలుపెడుతుంది. "చట్టం అంటే ఎవరో ఒకరు అధికారంతో చెప్పాలి. ఆచారాన్ని ఎవరు చెప్పారు? ఏ రోజున చెప్పారు?"

"ఏ రోజునా ఎవరూ చెప్పలేదు, నిజమే" అంటాడు విద్యార్థి. "కానీ మేనమామ కూతుర్ని చేసుకోవచ్చనీ, పెదనాన్న కూతుర్ని చేసుకోకూడదనీ నీకు ఎవరు చెప్పారు? పార్లమెంటు చెప్పలేదు కదా."

### అలవాటు వేరు, ఆచారం వేరు

ఆ ఎదురు ప్రశ్నలో చాలా విషయం ఉంది. ఊరంతా సాయంత్రం రచ్చబండ దగ్గర కూర్చోవడం అలవాటు. ఒకరు ఒకరోజు రాకపోతే తప్పు చేశారని ఎవరూ అనరు. పెళ్లి సంబంధాల్లో అలా కాదు. చిన్నాన్న కూతురితో పెళ్లి మాట ఎత్తితే "వరస కుదరదు" అంటారు, ఆ మాటతో చర్చ ముగిసిపోతుంది. అక్కడ ఉన్నది అందరూ పాటించే నియమం. తప్పితే తప్పు పట్టే హక్కు ఇతరులకు ఉందని కూడా అందరూ ఒప్పుకునే నియమం.

ఈ నియమం ఎంత స్పష్టంగా ఉందో తెలుగు చుట్టరికపు పేర్లే చూపిస్తాయి. పెదనాన్న, చిన్నాన్న పిల్లలూ, పెద్దమ్మ, పిన్ని పిల్లలూ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనమామ పిల్లలూ మేనత్త పిల్లలూ మాత్రం బావ, మరదలు, బావమరిది, వదిన. తండ్రి సోదరి అత్త. భర్త తల్లీ, భార్య తల్లీ కూడా అత్తే. తల్లి సోదరుడు మామ, పిల్లనిచ్చినవాడూ మామే. ఎవరిని పెళ్లాడవచ్చో, ఎవరిని పెళ్లాడకూడదో పిలుపులోనే ఉంది. చదువు రాని ముసలమ్మ కూడా ఒక్క క్షణంలో వరస తేల్చి చెప్పగలదు.

హిందూ వివాహ చట్టం ఈ తేడాను పట్టించుకోలేదు. 1955 నాటి ఆ చట్టంలోని సెక్షన్ 3(జి) నిషిద్ధ బంధుత్వాల జాబితాలో మేనమామ–మేనకోడలు, మేనత్త–మేనల్లుడు వంటి సంబంధాలతో పాటు అన్నాచెల్లెళ్ల పిల్లలనూ, ఇద్దరు అన్నదమ్ముల పిల్లలనూ, ఇద్దరు అక్కచెల్లెళ్ల పిల్లలనూ ఒకే వాక్యంలో చేర్చింది. అంటే తెలుగు ఆచారం ఒకదాన్ని ఇష్టమైన సంబంధంగా, మరొకదాన్ని ఊహించరానిదిగా చూస్తే, శాసనం రెండింటినీ ఒకే గాట కట్టింది. ఆ తరువాత సెక్షన్ 5(4)లో ఒక తలుపు తెరిచింది: వధూవరులలో ప్రతి ఒక్కరికీ వర్తించే ఆచారం లేదా వాడుక అనుమతిస్తే నిషేధం వర్తించదు. సపిండ సంబంధాలకు సెక్షన్ 5(5)లోనూ ఇదే మినహాయింపు ఉంది.

### ఈ వాదం రెండు వేల ఏళ్ల పైమాటే

విద్యార్థిని ఒక అభ్యంతరం లేవనెత్తుతుంది. "హిందూ ధర్మశాస్త్రమే మేనరికాన్ని ఒప్పుకోలేదు. మేనత్త కూతురినీ మేనమామ కూతురినీ కూడినవాడికి మనుస్మృతి చాంద్రాయణ ప్రాయశ్చిత్తం విధించింది. గ్రంథమే కాదన్నాక ఆచారానికి బలం ఎక్కడిది?"

దీనికి జవాబు ధర్మసూత్రాల్లోనే ఉంది. బోధాయన ధర్మసూత్రం దక్షిణాదివారికే ప్రత్యేకమైన ఐదు ఆచరణలను పేర్కొంటుంది. ఉపనయనం కానివారితో కలిసి తినడం, భార్యతో కలిసి తినడం, చద్దన్నం తినడం, మేనమామ కూతురిని చేసుకోవడం, మేనత్త కూతురిని చేసుకోవడం. ఉత్తరాదికి ప్రత్యేకమైనవి అంటూ మరో ఐదు చెబుతుంది. ఉన్ని అమ్మడం, సముద్రయానం వాటిలో ఉన్నాయి. ఒక చోటి ఆచారాన్ని మరో చోట పాటిస్తే దోషం, దాని చోట దానికి ఆ దేశమే ప్రమాణం అని అక్కడి నిర్ణయం: "తత్ర తత్ర దేశప్రామాణ్యమేవ స్యాత్." వెంటనే ఎదుటి పక్షం కూడా అదే చోట నమోదైంది: "మిథ్యైతదితి గౌతమః", అంటే ఇది తప్పు అని గౌతముడి మతం. ఇద్దరు విద్యార్థులు ఇవాళ వాదించుకుంటున్నది సరిగ్గా ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న తగాదానే.

దక్షిణాది పండితులు ఈ తగాదాను వదిలేయలేదు. విజయనగర కాలంలో, 14వ శతాబ్దంలో, మాధవాచార్యులు పరాశరస్మృతికి రాసిన వ్యాఖ్యలో మేనమామ కూతురితో వివాహాన్ని విస్తారంగా సమర్థించారు. బృహస్పతి స్మృతి మరో కోణం చెప్పింది. దక్షిణాదిలో మేనమామ కూతురిని చేసుకుంటారని ఉదహరిస్తూ, దేశ, జాతి, కుల ధర్మాలను అవి నడుస్తున్నట్లే కాపాడాలనీ, లేకపోతే ప్రజలు క్షోభిస్తారనీ రాజుకు సూచించింది. ఇందులో రెండు వేర్వేరు కారణాలు ఉన్నాయని గమనించాలి. బోధాయనుడి దృష్టిలో దేశాచారం దానంతట అదే ప్రమాణం. బృహస్పతి మాటలో పాలకుడి వివేకం కూడా కలిసింది. ఆచారానికి స్వతంత్ర బలం ఉందా, లేక రాజు సహించడం వల్ల నిలిచిందా అన్న చీలిక అప్పుడే మొదలైంది.

బ్రిటిష్ కాలంలో, అప్పటి అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన లండన్ ప్రీవీ కౌన్సిల్ ముందుకు ఇదే ప్రశ్న మరో రూపంలో వచ్చింది. రామనాథపురం జమీందారీలో వితంతువు చేసుకున్న దత్తతపై 1868లో తీర్పు ఇస్తూ, హిందూ న్యాయ పద్ధతిలో వాడుక స్పష్టంగా రుజువైతే అది గ్రంథంలోని రాతను మించుతుందని ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆచారాల చర్చ వచ్చిన ప్రతిసారీ ఈ వాక్యం వినిపిస్తూ వచ్చింది. గమనించవలసిన మాట "స్పష్టంగా రుజువైతే" అన్నది. దాని సంగతి తరువాత.

### గుర్తింపు ముందా, చట్టం ముందా?

విద్యార్థిని పక్షానికి బలమైన సిద్ధాంతం ఉంది. 19వ శతాబ్దపు ఇంగ్లండులో జాన్ ఆస్టిన్ ప్రతిపాదించిన దాని ప్రకారం చట్టం అంటే సార్వభౌముడి ఆజ్ఞ. ఆచారం అప్పటికి కేవలం నీతి నియమం మాత్రమే. న్యాయస్థానం దాన్ని స్వీకరించి అమలు చేసిన రోజున అది చట్టమవుతుంది. ఆమె దాన్ని భారత శాసనానికి అన్వయిస్తుంది.

"హిందూ వివాహ చట్టం సెక్షన్ 4 చూడు. ఈ చట్టంలో చెప్పిన విషయాలపై అంతకుముందున్న గ్రంథాలూ, నియమాలూ, ఆచారాలూ అన్నీ రద్దు, చట్టం స్పష్టంగా మినహాయిస్తే తప్ప. పార్లమెంటు ఒక్క మాటతో అన్నింటినీ తుడిచేసి, కావాలనుకున్నదాన్ని మిగిల్చింది. మేనరికం ఇవాళ చెల్లుతోందంటే పార్లమెంటు వల్లే."

"తుడిచేసే అధికారం ఉందంటే ఒప్పుకుంటాను. మరి మిగిలినది ఏమిటో చట్టంలో చూపించు. అక్క కూతురు అనుమతమని ఎక్కడ రాసింది? మేనమామ కూతురు అనుమతమని ఎక్కడ రాసింది?"

ఎక్కడా రాయలేదు. సెక్షన్ 3(ఎ) ఆచారానికి నిర్వచనం మాత్రం ఇస్తుంది: చాలాకాలంగా ఎడతెగకుండా, ఒకే తీరుగా పాటించడం వల్ల ఒక ప్రాంతంలో, తెగలో, సముదాయంలో లేదా కుటుంబంలో చట్టబలం పొందిన నియమం, అది నిశ్చితంగా ఉండాలి, అసమంజసంగా గానీ ప్రజాహితానికి విరుద్ధంగా గానీ ఉండకూడదు. "చట్టబలం పొందిన" అన్న పదబంధం చూడాలి. శాసనం చట్టబలాన్ని ఇస్తున్నానని చెప్పడం లేదు. పాటించడం వల్ల అప్పటికే వచ్చిందని ఒప్పుకుంటోంది. రాజ్యాంగం 13వ అధికరణం కూడా "చట్టం" అనే మాటలో చట్టబలం గల ఆచారాలనూ వాడుకలనూ చేర్చింది.

కోర్టు తీర్పే ఆచారాన్ని చట్టం చేస్తుందన్న వాదానికి ఇంకో ఇబ్బంది ఉంది, అది మరింత లోతైనది. నిషిద్ధ బంధుత్వంలో జరిగిన పెళ్లి సెక్షన్ 11 ప్రకారం మొదటి నుంచే చెల్లదు. ఒక మేనరికం పెళ్లి జరిగిన పదిహేనేళ్లకు కోర్టుకు వచ్చిందనుకుందాం. ఆచారం రుజువైందని కోర్టు తేల్చితే, ఆ పెళ్లి తీర్పు తేదీ నుంచి కాదు, తాళి కట్టిన రోజు నుంచే చెల్లుతుంది. ఆ రోజున ఆచారం కేవలం నీతి నియమమే అయితే పెళ్లి ఆ క్షణానే శూన్యం; పదిహేనేళ్ల తరువాతి తీర్పు శూన్యాన్ని బతికించలేదు. కోర్టు తన తీర్పును ముందున్నదాన్ని కనుగొన్నట్లుగా రాస్తుంది గానీ కొత్తగా పుట్టించినట్లు రాయదు. ఈ చోట విద్యార్థి వాదనే గట్టిది.

అయితే విద్యార్థిని మాటలోనూ ఒక నిజం మిగులుతుంది. ఆచారంలో ఏముందో సముదాయం నిర్ణయిస్తుంది. అది అమలు కావడానికి తలుపు తెరిచి ఉండాలా లేదా అన్నది శాసనం నిర్ణయిస్తుంది. ఈ రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపేయడం వల్లే ఈ చర్చ తరచూ తేలకుండా పోతుంది.

### రెండు చట్టాలు తెరిచిన రెండు తలుపులు

తలుపు ఎలా ఉంటుందన్నది ఎంత తేడా తెస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. గుంటూరుకు చెందిన తెలుగు కుటుంబంలోని ఒకతను కాన్పూరు అమ్మాయిని పెళ్లాడాడు. వాళ్లకు కూతురు పుట్టింది. ఆ తల్లికి కాన్పూరులో సోదరుడు, అతనికి ఒక కొడుకు. ఈ ఇద్దరు పిల్లలూ పెద్దవాళ్లయి పెళ్లి చేసుకోవాలనుకున్నారు. గుంటూరు నాయనమ్మకు ఇది చక్కటి మేనరికం. మేనమామ కొడుకు, బావ. కాన్పూరు నానమ్మకు మనవడూ మనవరాలూ అన్నాచెల్లెళ్లు.

హిందూ వివాహ చట్టం కింద ఈ పెళ్లి నిలవదు. అమ్మాయికి తండ్రి కుటుంబపు ఆచారం అనుమతి ఇస్తుంది, కానీ సెక్షన్ 5 అడుగుతున్నది ప్రతి ఒక్కరి ఆచారాన్నీ. అబ్బాయికి వర్తించే ఆచారం అనుమతించకపోతే సగం అనుమతి పనికిరాదు. పైగా సెక్షన్ 18 కింద నెల వరకు సాధారణ జైలుశిక్ష, వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించే వీలుంది.

అదే జంట 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు దగ్గరకు వెళ్తే లెక్క మారుతుంది. ఆ చట్టం మొదటి షెడ్యూలులో కూడా మేనమామ, మేనత్త పిల్లలు నిషిద్ధుల జాబితాలోనే ఉన్నారు. అయితే సెక్షన్ 4(డి)కి 1963లో చేర్చిన మినహాయింపు ప్రకారం కనీసం ఒకరికి వర్తించే ఆచారం అనుమతిస్తే చాలు. ఒకవైపు సగం సడలించింది, మరోవైపు గట్టిగా బిగించింది: అక్కడ "ఆచారం" అంటే రాష్ట్ర ప్రభుత్వం గెజెట్‌లో నోటిఫై చేసిన నియమం. నోటిఫై చేసే ముందు, అది చాలాకాలంగా ఎడతెగకుండా ఒకే తీరుగా పాటిస్తున్నదేనని ప్రభుత్వం సంతృప్తి చెందాలి.

"చూశావా" అంటుంది విద్యార్థిని, "ఇక్కడ ప్రభుత్వం సంతకం పెట్టకపోతే ఆచారమే లేదు."

"ఇక్కడ లేదు. అక్కడ మాత్రం సంతకం లేకుండానే ఉంది. ఆచారానికి ప్రభుత్వ ముద్ర తప్పనిసరి అయితే హిందూ వివాహ చట్టంలో కూడా అదే షరతు పెట్టేవారు. పెట్టలేదంటే, ముద్ర లేకుండా నిలబడగల ఆచారం ఉందని ఒప్పుకున్నట్టేగా?"

రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆస్టిన్ నమూనా, బోధాయన నమూనా ఒకే దేశంలో, ఒకే బంధుత్వానికి, ఏడాది తేడాతో వచ్చిన రెండు చట్టాల్లో అమలవుతున్నాయని తెలుస్తుంది. చదువుకునేవారికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

ఇంకొక చిన్న విషయం. ఊరు మారితే ఆచారం పోదు. వలస వెళ్లిన హిందూ కుటుంబం తాను బయలుదేరిన చోటి నియమాలను వెంట తీసుకెళ్తుందన్నది కోర్టులు ఆదినుంచీ అనుసరిస్తున్న ఊహ. వదిలేసిందని అనేవారే దాన్ని రుజువు చేయాలి. కనుక సూరత్‌లోనో ఢిల్లీలోనో మూడు తరాలుగా ఉన్న తెలుగు కుటుంబం మేనరికపు ఆచారాన్ని కోల్పోయిందని దానంతట అదే అనుకోవడానికి వీల్లేదు.

### "మాలో ఉంది" అంటే సరిపోదు

సిద్ధాంతం దాటి కోర్టు గదిలోకి వచ్చేసరికి అసలు పోరాటం రుజువు మీదే. ఆచారం ఉందన్నవారే దాన్ని నిరూపించాలి. 2024 నాటి కేసులో ఆమె ఓడినది ఈ మెట్టు దగ్గరే.

మొదటి తప్పు పిటిషన్ లేదా జవాబు రాయడంలోనే జరుగుతుంది. "మా సముదాయంలో దగ్గరి బంధువులను చేసుకోవడం ఆచారం" అని రాస్తే అందులో ఏ సముదాయం, ఏ ప్రాంతం, ఏ బంధుత్వం అన్నది లేదు. ఫలానా కులంలో, ఫలానా ప్రాంతంలో, మేనమామ కూతురితో వివాహం తరతరాలుగా జరుగుతోందని నిర్దిష్టంగా చెప్పాలి. చెప్పనిదాన్ని తరువాత సాక్షులతో పూరించబోతే ఎదుటి వకీలు ఒప్పుకోడు.

రెండోది ఉదాహరణలు. ఎవరు, ఎవరిని, ఏ వరసన, సుమారుగా ఏ సంవత్సరంలో పెళ్లాడారు అన్నది వంశవృక్షం గీసి చూపగలగాలి. శుభలేఖలు, రిజిస్ట్రేషన్ పత్రాలు, ఆ దంపతుల పిల్లలకు ఆస్తి సంక్రమించిన దస్తావేజులు ఇక్కడ ఉపయోగపడతాయి. ఆచారం సంగతి తెలిసి ఉండే అవకాశమున్న పెద్దల అభిప్రాయం సాక్ష్యంగా చెల్లుతుంది. కానీ ముసలాయన వచ్చి "అందరూ చేసుకుంటారండీ" అంటే, ఎదుటివైపు అడిగే మొదటి ప్రశ్న "మీ ఇంట్లో ఎన్ని జరిగాయి, పేర్లు చెప్పండి" అన్నదే. పేర్లు రాకపోతే ఆ సాక్ష్యం అక్కడే తేలిపోతుంది.

ఎంతకాలం అన్నది మూడో ప్రశ్న. ఇంగ్లండులో స్థానిక ఆచారం 1189 నుంచీ ఉన్నదై ఉండాలన్న పాత నియమం ఉంది. భారత కోర్టులు దాన్ని యథాతథంగా తీసుకోలేదు. ఒక ప్రాంతపు నియమంగా జనం సమ్మతితో లోబడ్డారని తేల్చేంత కాలం, తేల్చేంత మార్పులేని తీరు ఉంటే చాలునని సుప్రీంకోర్టు 1952లో చెప్పింది. ఒక ఆచారాన్ని కోర్టులు పదే పదే గుర్తించి ఉంటే, ప్రతిసారీ కొత్తగా రుజువు చేయనక్కరలేదు, న్యాయస్థానం దాన్ని తెలిసిన విషయంగానే తీసుకోవచ్చునని 1959లో స్పష్టం చేసింది. దక్షిణాది కోర్టులలో మేనరికానికి కలిగే సౌలభ్యం ఇదే. అదే ఆచారం అంతగా పరిచయం లేని కోర్టులో ప్రతి మెట్టూ ఎక్కవలసి వస్తుంది.

రుజువు భారం ఎవరి మీద వేస్తారన్నదే ఫలితాన్ని తారుమారు చేయగలదు. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన గోండు కుటుంబపు వారసత్వ వివాదంలో సుప్రీంకోర్టు ఇది చూపించింది. స్త్రీలకు వాటా ఇచ్చే ఆచారం ఉందని ఆ కుటుంబంలోని ఒక స్త్రీ వారసులు నిరూపించలేదని కింది కోర్టులు దావా కొట్టేశాయి. స్త్రీలను మినహాయించే ఆచారం ఉందని ఎదుటివారు నిరూపించారా అని సుప్రీంకోర్టు అడిగింది. వారూ నిరూపించలేదు. మినహాయింపే సహజమన్న ఊహతో మొదలుపెట్టడం తప్పని చెప్పి వాటా ఇచ్చింది.

### హద్దు ఎక్కడ

"సరే, రుజువైందనుకో" అంటుంది విద్యార్థిని. "రుజువైన ప్రతిదాన్నీ ఒప్పుకోవలసిందేనా?"

ఒప్పుకోనక్కరలేదు. 1950వ దశకంలో మద్రాసు హైకోర్టు ముందుకు కూతురి కూతురిని, అంటే సొంత మనవరాలిని పెళ్లాడే ఆచారం తమలో ఉందన్న వాదన వచ్చింది. అది నీతికి విరుద్ధమని కోర్టు తోసిపుచ్చింది. నిర్వచనంలోని "అసమంజసం, ప్రజాహిత విరుద్ధం" అన్న మాటలు ఇక్కడ పనిచేస్తాయి. ఆచారం ఎంత పాతదైనా ఈ జల్లెడ దాటాలి.

మరో హద్దు తర్కానికి సంబంధించింది. అక్క కూతురిని చేసుకోవచ్చు కాబట్టి అదే పోలికతో ఇంకో బంధువునూ చేసుకోవచ్చని వాదించడానికి వీల్లేదు. ఆచారాన్ని ఉదాహరణలు కూడగట్టి స్థాపించాలే గానీ, ఒకదాని నుంచి మరొకదాన్ని ఊహించి సాగదీయకూడదని సుప్రీంకోర్టు 1953లో ఒక వారసత్వ కేసులో చెప్పింది. తెలుగు కుటుంబాలకు ఇందులో పనికొచ్చే హెచ్చరిక ఉంది. మేనమామ కూతురితో పెళ్లికీ, మేనమామ మేనకోడలిని చేసుకోవడానికీ వాడుకలో మేనరికం అన్న ఒకే పేరు ఉన్నా, చట్టం దృష్టిలో అవి రెండు వేర్వేరు ఆచారాలు. బోధాయనుడి జాబితాలో ఉన్నవి కూడా మేనమామ కూతురు, మేనత్త కూతురు మాత్రమే. ఒకటి రుజువైతే రెండోదీ రుజువైనట్లు కాదు.

ఇక్కడ విద్యార్థి తన వాదనలో ఒక మెట్టు దిగుతాడు. "ఆచారం చట్టానికి మూలమే. కానీ అది నిలవాలో వద్దో చెప్పే చివరి మాట దానిది కాదు."

పెళ్లి చెల్లదని తేలితే ఏమవుతుందన్నది కుటుంబాలను ఎక్కువగా కలవరపెట్టే విషయం. పిల్లలు హిందూ వివాహ చట్టం సెక్షన్ 16 ప్రకారం సక్రమ సంతానమే. భార్యగా జీవించిన స్త్రీకి సెక్షన్ 25 కింద శాశ్వత భరణం అడిగే అవకాశం ఉందని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. భర్త వీలునామా రాయకుండా చనిపోతే వితంతువుగా వారసత్వం అడిగే హక్కు మాత్రం ఆ పెళ్లితో పాటే పోతుంది.

### ఆచరణ తగ్గితే ఆచారం పోతుందా

జన్యు వ్యాధుల గురించి వైద్యుల హెచ్చరికలు, చదువులు, దూరపు ఉద్యోగాలు, ఇవన్నీ కలిసి పట్టణ కుటుంబాలను మేనరికాలకు దూరం జరుపుతున్నాయి. అప్పుడు "ఎడతెగకుండా" అన్న షరతు ఏమవుతుంది?

"యాభై ఏళ్లుగా మా ఇంట్లో ఒక్క మేనరికమూ లేదు" అంటుంది విద్యార్థిని. "రేపు నేను మా బావను చేసుకుంటానంటే ఆచారం ఉన్నట్టా, లేనట్టా?"

శాసనం దీనికి సగం జవాబు ఇస్తుంది. ఒక్క కుటుంబానికే పరిమితమైన నియమాన్ని ఆ కుటుంబం మానేస్తే అది పోయినట్లేనని నిర్వచనంలోనే ఉంది. ప్రాంతానికో సముదాయానికో చెందిన ఆచారం గురించి అటువంటి మాట లేదు. ఆమె కుటుంబం యాభై ఏళ్లు ఆగినా, చుట్టూ ఉన్న సముదాయంలో అది నడుస్తూ ఉంటే ఆమెకు ఆ ఆచారం వర్తిస్తూనే ఉంటుంది.

ఇంకో మెలిక ఉంది. మేనరికం అనుమతి, విధి కాదు. విధి అయితే పాటించనివారిని లెక్కపెట్టి ఆచారం సడలిందనవచ్చు. అనుమతిని వాడుకోనివారు దాన్ని ఉల్లంఘించినట్లు కాదు. అందువల్ల సముదాయంలో ఎన్ని పెళ్లిళ్లు జరిగాయన్నది ఒక్కటే కొలత కాకూడదు. జరిగినప్పుడు బంధువులు ఎలా చూశారు, పురోహితుడు వెనకాడాడా, ఎవరైనా వెలివేశారా, పుట్టిన పిల్లలకు ఆస్తి ఇవ్వడానికి ఎవరైనా అడ్డు చెప్పారా అన్నవి చూడాలి. పెళ్లిళ్లు తగ్గినా తప్పు పట్టడం మొదలుకాకపోతే ఆచారం ఉన్నట్లే.

శాసనాల దిశ మాత్రం మారుతోంది. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి 27 నుంచి అమలులోకి వచ్చిన ఉమ్మడి పౌర స్మృతి నిషిద్ధ బంధుత్వాల్లో ఆచారపు మినహాయింపును ఉంచింది. కానీ అది ప్రజాహితానికీ నీతికీ విరుద్ధం కాకూడదన్న షరతును దానికి నేరుగా జతచేసింది. దేశమంతటికీ అటువంటి స్మృతి రాసే రోజు వస్తే, దక్షిణాదివారికి సెక్షన్ 5లోని ఆ చిన్న మినహాయింపు ఉంటుందా, ఉంటే "ప్రతి ఒక్కరి" ఆచారమా "కనీసం ఒకరి" ఆచారమా, గెజెట్ నోటిఫికేషన్ అడుగుతారా అన్న మూడు ప్రశ్నలకు ముసాయిదా రాసేవారు జవాబు చెప్పాలి.

సంభాషణ చివర్లో విద్యార్థిని ఒక కాగితం తీసి వంశవృక్షం గీయడం మొదలుపెడుతుంది. తాతగారి తరంలో రెండు మేనరికాలు. ఒకరి పెళ్లి సంవత్సరం తెలుసు, మరొకరిది తెలియదు. "మా నాయనమ్మను అడగాలి" అంటుంది. "ఆవిడ చెబితే అది సాక్ష్యం."